బ్యాలెన్స్ షీటు సరిపోయింది, లాభం మాత్రం తప్పు: పరీక్ష ముందు రోజు కాగితంలో ఏం రాసుకోవాలి?

*నమస్కారం. నా వయసు 34. డిగ్రీలో చదివింది వృక్షశాస్త్రం. ఉద్యోగం మారాలని ఇప్పుడు మొదటిసారి అకౌంటెన్సీ చదువుతున్నాను. ఇంకో పన్నెండు రోజుల్లో పరీక్ష. అందులో పెద్ద ప్రశ్న ముగింపు లెక్కలదే. ఖాతాల నిల్వలన్నీ ఉన్న అంకణా ఇచ్చి, కింద ఏడెనిమిది సర్దుబాట్లు ఇస్తారు. వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీటు తయారుచేయాలి.*

*ముందు రోజు చూసుకోవడానికని ఒక కాగితం మొదలుపెట్టాను. అది ఇప్పటికి ఆరు పేజీలైంది. నమూనాలు, నిర్వచనాలు, డెబిట్ క్రెడిట్ సూత్రాలు, నేను ఒక్కసారి కూడా చేయని సర్దుబాట్లు, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని చూస్తే ధైర్యం రావడం అటుంచి గుండెదడ పెరుగుతోంది. ఇంట్లో మూడు నమూనా పరీక్షలు రాశాను. మొదటిదాంట్లో బ్యాలెన్స్ షీటుకు 1,500 తేడా వచ్చింది, రెండోదాంట్లో 3,600. మూడోది చక్కగా సరిపోయింది. సంతోషపడి జవాబు చూస్తే లాభం వేరే ఉంది! కాగితమే వద్దంటుంది నా స్నేహితురాలు. అన్నీ ఒకచోట ఉండాలంటారు మా మాస్టారు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? నేను చేసిన మూడు లెక్కలూ జతచేస్తున్నాను. పేరు వేయవద్దు.*

మీ మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మీరు బాధపడింది మొదటి రెండింటి గురించి. నాకు దిగులు కలిగించింది మూడోది. తేడా వచ్చిన లెక్క తనలో తప్పుందని తానే చెబుతుంది, మీరు వెనక్కి వెళ్లి వెతుకుతారు. సరిపోయిన లెక్కలోని తప్పు నోరు మెదపదు. మీరు కింద రెండు గీతలు కొట్టి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. కాబట్టి మీ కాగితంలో చోటు ఎవరికివ్వాలన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడినుంచే మొదలవుతుంది: బ్యాలెన్స్ షీటు పట్టుకోలేని తప్పులకు ఎక్కువ చోటు, అది పట్టుకునే తప్పులకు ఒక మూల.

బ్యాలెన్స్ షీటు సరిపోయిందంటే అర్థం ఒక్కటే. మీరు తీసుకున్న ప్రతి అంకె ఎన్నిచోట్ల పడాలో అన్నిచోట్లా, పడాల్సిన వైపే పడింది. ఆ అంకె సరైనదా కాదా అన్నది దానికి తెలియదు. తప్పు అంకెను రెండుచోట్లా ఒకేలా వేస్తే అది హాయిగా సరిపోతుంది. మీ మూడో లెక్కలో జరిగింది అదే.

ముందు మొదటి లెక్క చూద్దాం, ఎందుకంటే రెండూ ఒకే సర్దుబాటు చుట్టూ తిరిగాయి. అంకణాలో రుణగ్రస్తులు 42,000, రానిబాకీలు 1,000, సంశయాత్మక బాకీల నిధి 1,500 ఉన్నాయి. సర్దుబాట్లలో ఇంకో 2,000 రానిబాకీలుగా రద్దు చేయమన్నారు, రుణగ్రస్తులపై 5 శాతం నిధి ఉంచమన్నారు. మీలాంటి కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక్క సర్దుబాటులో నాలుగు అంకెలు, రెండు చోట్లు, పైగా అన్నింటికీ ఒకేలాంటి పేర్లు!

దీన్ని విప్పే వరుస ఇది. ముందు 42,000 లోంచి కొత్త రానిబాకీలు 2,000 తీసేయాలి, 40,000 వస్తుంది. ఆ 40,000 మీద 5 శాతం, అంటే 2,000 కొత్త నిధి. ఇప్పుడు లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి: పాత రానిబాకీలు 1,000, కొత్తవి 2,000, కొత్త నిధి 2,000 కలిపితే 5,000. అందులోంచి పాత నిధి 1,500 తీసేస్తే 3,500. ఖర్చు వైపు పడేది ఇంతే. బ్యాలెన్స్ షీటులో రుణగ్రస్తులు 42,000 లోంచి కొత్త రానిబాకీలు 2,000, కొత్త నిధి 2,000 పోగా 38,000.

మీరు పాత నిధి 1,500ను వదిలేశారు. అది అంకణాలో క్రెడిట్ వైపు ఉన్న అంకె. దానికి ఎక్కడా చోటు ఇవ్వలేదు కాబట్టి లాభం 1,500 తగ్గి, అప్పుల వైపు మొత్తం అంత తక్కువ పడింది. తేడా 1,500 రావడం అందుకే. ఇది గోలపెట్టే తప్పు. అంకణాలోని రానిబాకీలు 1,000ను బ్యాలెన్స్ షీటులో రుణగ్రస్తుల్లోంచి మళ్లీ తీసేస్తే 1,000 తేడా వచ్చేది. అదీ గోలపెట్టేదే. అంకణాలోకి వచ్చేసరికే ఆ వెయ్యి రుణగ్రస్తుల్లోంచి తగ్గిపోయి ఉంటుంది, రెండోసారి తీయకూడదు.

ఇక మూడో లెక్క. రుణగ్రస్తులు 63,000, కొత్తగా రద్దు చేయాల్సింది 3,000, నిధి 5 శాతమే. మీరు 63,000 మీద 5 శాతం కట్టి 3,150 వేశారు. కట్టాల్సింది 60,000 మీద, అంటే 3,000. ఆ 3,150నే లాభనష్టాల ఖాతాలోనూ బ్యాలెన్స్ షీటులోనూ వేశారు. లాభం 150 తగ్గింది, ఆస్తులు 150 తగ్గాయి, రెండు వైపులా సమానంగా సరిపోయాయి. మీ జవాబుకూ పుస్తకంలోని జవాబుకూ ఉన్న తేడా సరిగ్గా ఆ 150. ఇంకెక్కడా తప్పు లేదు. ఆరు పేజీలూ తిరగేశాను, ఈ విషయం వాటిలో ఎక్కడా లేదు. "సంశయాత్మక బాకీల నిధి" అన్నదానికి నాలుగు వాక్యాల నిర్వచనం మాత్రం ఉంది.

ఆ నిర్వచనం కొట్టేసి దాని స్థానంలో ఇది రాసుకోండి:

*ముందు రద్దు, తరువాత శాతం.*
*లాభనష్టాలు: పాత రాని + కొత్త రాని + కొత్త నిధి − పాత నిధి.*
*బ్యాలెన్స్ షీటు: రుణగ్రస్తులు − కొత్త రాని − కొత్త నిధి. పాతవి రెండూ ఇక్కడికి రావు.*

మూడు వరుసలే. పక్కన మీ 42,000 అంకెలు చిన్నగా వేసి పెట్టుకోండి. దడగా ఉన్నప్పుడు మాటలకన్నా అంకెలు త్వరగా బుర్రకెక్కుతాయి, పైగా అవి మీరు స్వయంగా తప్పు చేసి దిద్దుకున్న అంకెలు.

ఇలాంటి నిశ్శబ్దపు తప్పులు ఇంకెక్కడ పుడతాయి? మీ స్థాయి ప్రశ్నల్లో నేను తరచుగా చూసేవి రెండు. మొదటిది తరుగుదల. యంత్రాలు 50,000, అందులో 10,000 యంత్రం సంవత్సరం మధ్యలో కొన్నది, తరుగుదల ఏడాదికి 10 శాతం. కొత్తవాళ్లు మొత్తం మీద 5,000 కట్టేస్తారు. అసలు లెక్క 40,000 మీద ఏడాదికి 4,000, మిగతా 10,000 మీద ఆరు నెలలకు 500, మొత్తం 4,500. తప్పు అంకెనే రెండుచోట్లా వేస్తే బ్యాలెన్స్ షీటు కిక్కురుమనదు. అయితే ఇందులో ఒక చిక్కుంది. కొన్న తేదీ ఇవ్వకపోతే ఏం చేయాలి, ఏడాది మధ్యలో కొన్నా పూర్తి ఏడాదికి తరుగుదల కట్టమని ప్రశ్నలోనే చెప్పారా అన్నవి ఒక్కో ప్రశ్నపత్రంలో ఒక్కోలా ఉంటాయి. అందుకని కాగితంలో సూత్రం కాకుండా ఒక ప్రశ్న రాసుకోండి: "ఈ ఏడాదిలో కొన్నది ఏదైనా ఉందా? ఎన్ని నెలలు?"

రెండోది ఎవరూ చెప్పని వడ్డీ. అంకణాలో "9 శాతం అప్పు 20,000" అని క్రెడిట్ వైపు, "వడ్డీ 1,350" అని డెబిట్ వైపు ఉంటుంది. సర్దుబాట్లలో దీని ఊసే ఉండదు. కానీ ఏడాది మొదటినుంచీ ఉన్న అప్పయితే వడ్డీ 1,800 కావాలి. అంటే 450 ఇంకా చెల్లించవలసి ఉంది. దాన్ని వడ్డీకి కలపాలి, అప్పుల వైపూ చూపాలి. మీరు గమనించకపోతే రెండుచోట్లా లేకుండా పోతుంది, బ్యాలెన్స్ షీటు ఎప్పటిలాగే సరిపోతుంది. మీ రెండో లెక్కలో ఇలాంటి అప్పు ఒకటి ఉంది. మీరు సరిగ్గానే కట్టారు, అయితే మార్జిన్‌లో మీరు పెట్టిన ప్రశ్నార్థకం చూస్తే అనుమానంతో కట్టినట్టుంది. కాబట్టి ఇది కాగితంలో ఉండాల్సిందే: "అంకణాలో శాతం గుర్తు కనిపిస్తే ఆగు. ఏడాది వడ్డీ ఎంత, ఇచ్చింది ఎంత?"

నిశ్శబ్దపు తప్పులు ఇంతకన్నా ఎక్కువ రకాలు ఉన్నాయి, అవన్నీ రాయవద్దు. ఈ పన్నెండు రోజుల్లో ఇంకో అయిదారు లెక్కలు చేస్తారుగదా. ప్రతి లెక్కనూ జవాబుతో పోల్చి, ఎక్కడ తప్పిందో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి, పక్కన "గోల" అనో "నిశ్శబ్దం" అనో ఒక్క మాట రాయండి. పరీక్ష ముందు రోజు కాగితం ఆ ఎర్ర గుర్తుల్లోంచి పుట్టాలి. పుస్తకం చూసి తయారుచేసిన కాగితంలో పుస్తకం రాసినవారి జ్ఞానం ఉంటుంది, మీ తప్పులు ఉండవు.

ఇప్పుడు గోలపెట్టే తప్పులకు ఇవ్వాల్సిన మూల. మీ రెండో లెక్కలో 3,600 తేడా ఎలా వచ్చిందో వెతకడానికి ఎంతసేపు పట్టిందో మీరు రాయలేదు, కానీ కొట్టివేతలు చూస్తే చాలాసేపే పట్టినట్టుంది. చెల్లించవలసిన జీతాలు 1,800ను జీతాలకు సరిగ్గానే కలిపి, బ్యాలెన్స్ షీటులో మాత్రం ఆస్తుల వైపు వేశారు. ఒక వైపు 1,800 ఎక్కువ, రెండో వైపు 1,800 తక్కువ, కలిపి 3,600. తేడాను రెండుతో భాగించి చూసి ఉంటే 1,800 అన్న అంకె మీ ఎదురుగా కనిపించేది. కాబట్టి ఈ మూలలో రాసుకోవాల్సింది: తేడా ఏదైనా సర్దుబాటు అంకెతో సమానమైతే అది ఒక్కచోటే పడి ఉండవచ్చు, తేడాలో సగం ఏదైనా అంకెతో సమానమైతే అది తప్పు వైపు పడి ఉండవచ్చు. తేడాను 9 నిశ్శేషంగా భాగిస్తే అంకెలు తారుమారై ఉండవచ్చు, 5,400ను 4,500గా ఎక్కించినట్టు. ఇవన్నీ అనుమానాలు మాత్రమే, రుజువులు కావు. 3,600ను కూడా 9 భాగిస్తుంది, మీ విషయంలో కారణం అది కాదుగదా.

వెతకడానికి ఒక గడువు కూడా ఆ మూలలోనే ఉండాలి. అయిదు నిమిషాలు అని నేనంటాను. మీ ప్రశ్నపత్రం వ్యవధిని బట్టి మార్చుకోండి. అంచెలవారీగా మార్కులు వేసే పరీక్ష అయితే తేడా ఉన్న బ్యాలెన్స్ షీటుకూ చాలా మార్కులు వస్తాయి, చేయని తరువాతి ప్రశ్నకు ఏమీ రావు. చివరి జవాబుకే మార్కులైతే సంగతి వేరు, అప్పుడు వెతకడానికే ఎక్కువ సమయం ఉంచుకోవాలి. మీ పరీక్ష ఏ రకమో ఇప్పుడే మాస్టారిని అడగండి. ఆ జవాబును బట్టి ఈ ఒక్క వరుస మారుతుంది. ఎలా అయినా సరే, సరిపోవడం కోసం ఏదో ఒక అంకెను దిద్దే పని మాత్రం పెట్టుకోవద్దు. సరిగ్గా వచ్చిన అంకెను చెడగొట్టుకున్నట్టవుతుంది.

నిజానికి గోలపెట్టే తప్పులు చాలావరకు రాకుండా ఆపే అలవాటు ఒకటుంది. కాగితం పైన మొదటి వరుసగా అదే ఉండాలి: *అంకణాలోది ఒక టిక్కు, సర్దుబాటుది రెండు టిక్కులు.* ప్రశ్నపత్రం మీదే, అంకె వేసిన ప్రతిసారీ దాని పక్కన టిక్కు పెట్టాలి. అంకణాలో కనిపించే అంకె ఒకేచోటికి వెళుతుంది. సర్దుబాట్లలో చెప్పినది రెండుచోట్లకు వెళుతుంది. ముగింపు సరుకు విషయంలో కొత్తవాళ్లకు వచ్చే అయోమయం కూడా ఇక్కడే తీరిపోతుంది. అది సర్దుబాట్లలో ఉంటే వర్తకపు ఖాతాకూ ఆస్తులకూ రెండింటికీ వెళుతుంది, అంకణాలోనే ఇచ్చి ఉంటే ఆస్తులకు మాత్రమే. రెండు వేర్వేరు నియమాలుగా మీరు రాసుకున్నవి ఈ టిక్కుల వరుసలో కలిసిపోతాయి. ఇది చేతులు వణికే మొదటి నిమిషంలో పని కల్పించే వరుస కూడా. ఆలోచించకుండా మొదలుపెట్టగలిగే పని ఏదైనా అప్పుడు వరమే.

ఇక తీసేయాల్సినవి. నిర్వచనాలన్నీ తీసేయండి. మీ ప్రశ్నపత్రంలో చిన్న ప్రశ్నలుగా నిర్వచనాలు అడిగితే వాటికి వేరే కాగితం పెట్టుకోండి, ఇందులో కలపకండి. డెబిట్ క్రెడిట్ సూత్రాలు పేజీన్నర ఉన్నాయి. అవి చిట్టా పద్దులకు కావాలి. ముగింపు లెక్కలకు ఒక వాక్యం చాలు: డెబిట్ వరుసలో ఉన్నది ఖర్చో ఆస్తో, క్రెడిట్ వరుసలో ఉన్నది ఆదాయమో అప్పో మూలధనమో. వాపసులు, సొంతవాడకాలు, నిధులు మాత్రం మరొకదానిలోంచి తీసివేతలుగా వెళతాయి.

నమూనాల గురించే మీ మాస్టారికీ నాకూ కాస్త తేడా వస్తుంది. ఆయన మాటలో న్యాయం ఉంది. నమూనా రాకపోతే లెక్క మొదలే కాదు. కానీ కాగితంలోకి ఎక్కించినంత మాత్రాన అది చేతికి రాదు. రేపు ఒక తెల్ల కాగితం మీద పుస్తకం చూడకుండా మూడు నమూనాలూ గీయండి. చక్కగా వస్తే ఆ రెండు పేజీలూ కాగితంలోంచి పోతాయి, వాటి అవసరం లేదు. ఎక్కడైనా ఆగితే ఆగినచోటు మాత్రమే కాగితంలో ఉండాలి. మీ లెక్కలు చూసిన ఊహతో చెబుతున్నాను, మీరు ఆగేది రవాణా ఖర్చుల దగ్గర. కొనుగోళ్ల మీద రవాణా వర్తకపు ఖాతాకు, అమ్మకాల మీద రవాణా లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి. రెండూ తారుమారైతే స్థూల లాభం తప్పుతుంది, నికర లాభం సరిగ్గానే వస్తుంది, బ్యాలెన్స్ షీటూ సరిపోతుంది. ఇదీ నిశ్శబ్దపు బాపతే.

మీరు ఒక్కసారి కూడా చేయని సర్దుబాట్లు రెండు కనిపించాయి: అగ్నిప్రమాదంలో కాలిపోయిన సరుకు, నికర లాభంపై మేనేజరు కమీషను. వీటి విషయంలో రెండు దారులున్నాయి. ఇప్పుడే, ఈ వారంలోనే, ఒక్కోదాన్ని రెండేసి లెక్కల్లో చేసి చూడవచ్చు. కుదిరితే ఒక్కోటి ఒక వరుసగా కాగితంలోకి వస్తుంది. కమీషనుకు ఆ వరుస ఇలా ఉంటుంది: "కమీషను తీసివేయక ముందు లాభంపై 10 శాతమంటే 10/100, తీసివేసిన తరువాత లాభంపై అంటే 10/110." లాభం 22,000 అయితే మొదటిది 2,200, రెండోది 2,000. లేదా రెండింటినీ పూర్తిగా వదిలేయవచ్చు. వదిలేస్తే, అవి వచ్చిన పక్షంలో ఆ సర్దుబాటు మార్కులు పోతాయి, మిగిలిన లెక్క నిలుస్తుంది. మూడో దారి మీరిప్పుడు పడుతున్నది: చేయకుండా కాగితంలో ఉంచుకోవడం. మూడింటిలోనూ ఇదే ఖరీదైనది. ముందు రోజు రాత్రి కళ్లు సరిగ్గా అక్కడే ఆగుతాయి, తెలిసిన వరుసల మీద కూడా నమ్మకం పోతుంది. పరీక్షకు అయిదు రోజుల ముందు వరకు గడువు పెట్టుకోండి. అప్పటికి చేతితో చేసినదే కాగితంలో ఉండాలి.

కాగితమే వద్దన్న మీ స్నేహితురాలి మాటనూ కొట్టిపారేయను. కొందరికి ముందు రోజు ఒక మోస్తరు లెక్క చేసి పడుకోవడమే మేలు. మీకు అలా చేయాలనిపిస్తే, ఇదివరకు చేసి సరిగ్గా వచ్చిన లెక్కనే మధ్యాహ్నం మళ్లీ చేయండి. కొత్త లెక్క, అందులోనూ చీకటిపడ్డాక, వద్దు. తేడా వస్తే దాన్ని వెతుకుతూ రాత్రి గడిచిపోతుంది.

కాగితం ఉంచుకుంటే దాని కొలత ఒక పేజీలో ఒక వైపు, పన్నెండు వరుసలకు మించకుండా, మామూలు అక్షరాల్లో. పన్నెండు దాటితే ఒక్కసారి మాత్రమే జరిగి మళ్లీ జరగని తప్పులను కొట్టేయండి. సాయంత్రం దాన్ని ఒకసారి చదివి, బోర్లించి, మరో కాగితం మీద గుర్తున్నంత రాయండి. రాని వరుసల కింద గీత గీయండి. మూడో నాలుగో ఉంటాయి. పరీక్ష రోజు పొద్దున చూడాల్సింది ఆ గీత గీసినవే. గదిలోకి వెళ్లగానే, రాయడానికి అనుమతించిన తరువాత, చిత్తుపని చోట "ముందు రద్దు, తరువాత శాతం" అని రాసి, ఆపై అంకణాలోని మొదటి అంకె దగ్గర పెన్ను పెట్టండి.